జారే పాలు, చిమ్మే పాలు

(బాలింతలు, వాళ్ళ ఇంటి పెద్దలు, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్ల సమావేశంలో పిల్లల డాక్టరు ఒకరు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఒళ్ళో బిడ్డలతో వచ్చిన తల్లులు మధ్యలో పాలు పట్టాల్సి వస్తే పట్టండి, లేచి వెళ్ళాల్సిన పనేమీ లేదు. బిడ్డ కక్కితే తుడుచుకుంటూ వినండి. ఈ రోజు మాట్లాడుకునేదే దాని గురించి కదా.

ముందు ఒక చిన్న పని చేస్తాను. ఇది ఒక కాటన్ గుడ్డ. ఇది మందు సీసాతో పాటు వచ్చే 5 మిల్లీలీటర్ల చెంచా. ఇందులో పాలు పోసి గుడ్డ మీద ఒంపుతున్నాను. చూడండి, మరక ఎంత మేర పాకిందో. ముందు వరుసలో ఉన్న అమ్మా, మీ చెయ్యి ఒకసారి పక్కన పెట్టండి. మీ అరచెయ్యి కంటే పెద్దగా ఉంది. పోసింది ఒక్క చెంచా పాలు. భుజం మీద చీర ఇంత తడిస్తే "తాగినవన్నీ కక్కేసిందండీ" అని ఫోన్ చేస్తారు. అది మీ తప్పు కాదు. గుడ్డ మీద పడ్డ పాలు ఎవరికైనా ఎక్కువగానే కనిపిస్తాయి. అందుకే మరకను బట్టి లెక్క వేయవద్దని మొదటే చెబుతున్నాను.

అసలు పాలు వెనక్కి ఎందుకు వస్తాయి? నోటి నుంచి పొట్టలోకి వెళ్ళే గొట్టాన్ని అన్నవాహిక అంటాం. అది పొట్టను కలిసే చోట కండరంతో చేసిన ఒక వలయం ఉంటుంది. మూట మూతికి తాడు కట్టినట్టు బిగుసుకుని ఉంటుంది. మింగినప్పుడు వదులై పాలను లోపలికి పంపుతుంది, మళ్ళీ బిగుసుకుంటుంది. పసిపిల్లల్లో ఆ వలయం బలహీనంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి కొంచెం వేరు. పాలతో పాటు బిడ్డ గాలి కూడా మింగుతుంది. ఆ గాలి బయటికి పోవాలి. అందుకని ఆ వలయం మింగుడుతో పని లేకుండా, మధ్యమధ్యలో కొన్ని సెకన్ల పాటు తనంతట తానే వదులవుతుంది. మనకు తేన్పు వచ్చేదీ అలాగే. అది వదులైన క్షణంలో వలయం దగ్గర గాలి ఉంటే గాలి వస్తుంది, పాలు ఉంటే పాలు వస్తాయి. అంతే.

మరి పెద్దవాళ్ళకు తేన్పు వస్తే అన్నం నోట్లోకి రాదు, పిల్లలకే ఎందుకు వస్తాయి? మనం కూర్చుని తింటాం, తిన్నాక నిలబడతాం. గాలి పైకి చేరుతుంది, అన్నం కిందకి దిగుతుంది. బిడ్డ రోజంతా పడుకునే ఉంటుంది, తాగేవన్నీ నీళ్ళలాంటి పాలు. వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు ఆ వలయం దగ్గరికి పాలే చేరతాయి. పైగా అన్నవాహిక పొడవు పుట్టిన బిడ్డలో 10 సెంటీమీటర్లు కూడా సరిగా ఉండదు, మనకు 25 దాకా ఉంటుంది. మనలో కొంచెం పైకి వచ్చిన ఆహారం దారిలోనే ఆగి తిరిగి కిందకి పోతుంది. బిడ్డకు ఆ దారే లేదు, పైకి వచ్చిందంటే నోట్లోకి వచ్చినట్టే.

ఇంకొకటి, తాగే పరిమాణం. మొదటి నెలలు గడిచే బిడ్డ రోజుకు కిలో బరువుకు దాదాపు 150 మిల్లీలీటర్ల పాలు తాగుతుంది. 4 కిలోల బిడ్డ అంటే 600 మిల్లీలీటర్లు. అదే లెక్కన 60 కిలోల మనిషి రోజుకు 9 లీటర్లు తాగాలి! తొమ్మిది లీటర్లు తాగి, రోజంతా వెల్లకిలా పడుకుంటే మనకు మాత్రం పైకి రాకుండా ఉంటుందా?

అందుకే మొదటి మూడు నెలల్లో దాదాపు సగం మంది పిల్లలు రోజుకు ఒక్కసారైనా పాలు కక్కుతారు. నాలుగో నెల దగ్గర ఇంకా పెరుగుతుంది. అక్కడ తల్లులకు టెన్షన్ మొదలవుతుంది, తగ్గాల్సింది పోయి ఎక్కువవుతోందేమిటని. ఆరో నెల దాటి బిడ్డ కూర్చోవడం, గట్టి ఆహారం తినడం మొదలయ్యాక తగ్గుతూ వస్తుంది. ఏడాది నిండేసరికి చాలామందిలో ఆగిపోతుంది.

కక్కిన పాలు విరిగినట్టు, పెరుగు తరకల్లా ఉంటే "పాలు అరగలేదు" అంటారు. నిజానికి అది అరగడం మొదలైందనడానికి గుర్తు. పొట్టలో ఆమ్లం పడితే పాలు విరగాలి. తాగిన వెంటనే వచ్చేవి పాలలాగే ఉంటాయి, అరగంటకో గంటకో వచ్చేవి విరిగి, కాస్త పుల్లటి వాసనతో ఉంటాయి. తల్లిపాలు పడటం లేదని దీన్ని చూసి డబ్బా పాలకు మారినవాళ్ళను నేను చాలామందిని చూశాను. మనసుకు కష్టంగా ఉంటుంది. ఏ కారణమూ లేకుండా ఆ బిడ్డకు అమ్మ పాలు పోయాయి.

ఇప్పుడు వాంతి సంగతికి వద్దాం. కక్కడంలో బిడ్డ చేసే పనేమీ లేదు. వలయం వదులైంది, పాలు జారాయి. పెదవి చివర నుంచి గడ్డం మీదకు కారతాయి. ఒక్కోసారి తేన్పుతో పాటు బుడుక్కున ఒక గుక్కెడు వస్తాయి. బిడ్డ మొహంలో ఏ మార్పూ ఉండదు. కక్కుతూనే నవ్వే పిల్లలు ఉంటారు. వాంతి అలా కాదు. అది మెదడు నుంచి వచ్చే ఆజ్ఞ. ముందు బిడ్డ అసహనంగా కదులుతుంది, మొహం పాలిపోతుంది, నోట్లో నీరూరుతుంది, ఓకరింతలు వస్తాయి. పొట్ట కండరాలు, ఛాతీకి పొట్టకు మధ్య ఉండే పొర, అన్నీ కలిసి పొట్టను పిండుతాయి. బిడ్డ పొట్ట మీద చెయ్యి వేసి ఉంటే ఆ బిగువు మీకే తెలుస్తుంది. కాబట్టి పాలు ఎన్ని వచ్చాయని కాకుండా, వాటిని బయటికి ఎవరు తోశారని చూడండి. వాటంతట అవి జారాయా, పొట్ట తోసిందా?

దీన్ని ఒక బిడ్డ కథతో చెబుతాను. ఇందులో నా పొరపాటు కూడా ఉంది, అది చెప్పకుండా ఈ కథ చెప్పడం న్యాయం కాదు.

తొలిచూలు మగబిడ్డ. నెలలు నిండి పుట్టాడు, 3.2 కిలోలు. 26వ రోజున తల్లి, అమ్మమ్మ కలిసి నా దగ్గరికి తెచ్చారు. ప్రతి పాలకూ ఒక గుక్కెడు కక్కుతున్నాడని చెప్పారు. బరువు చూస్తే 3.8 కిలోలు. చక్కగా పెరుగుతున్నాడు. పొట్ట మెత్తగా ఉంది, మూత్రం బాగా పోస్తున్నాడు. "ఏం లేదమ్మా, పాలు పట్టాక కాసేపు భుజాన వేసుకో" అని పంపించాను. ఆ రోజుకు ఆ మాట సరైనదే. కానీ "ఇది ఇలా మారితే వెంటనే రా" అని చెప్పలేదు. ఆ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల ఆ తల్లి నా మాటనే పట్టుకుని, "డాక్టరమ్మ ఏం లేదంది కదా" అని పన్నెండు రోజులు ఓపిక పట్టింది.

మధ్యలో ఏం జరిగిందంటే, ఐదో వారం మొదట్లో కక్కడం కాస్తా వాంతులయ్యాయి. ఇంకో చోట చూపిస్తే గ్యాస్ అని చుక్కల మందు ఇచ్చారు. తరవాత డబ్బా పాలు పట్టి చూశారు, ఆ డబ్బా మార్చి ఇంకోటి పట్టారు. 38వ రోజున మళ్ళీ నా దగ్గరికి వచ్చేసరికి బరువు 3.5 కిలోలు. పన్నెండు రోజుల్లో 300 గ్రాములు తగ్గాడు. ఆ వయసులో బిడ్డ రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. అంటే 4.1 దగ్గర ఉండాల్సినవాడు 3.5 దగ్గర ఉన్నాడు. మాడు కొంచెం లోపలికి దిగింది. నుదుటి మీద ముడతలు, ముసలివాడి మొహంలా. డైపరు పొద్దున్నుంచి ఒక్కసారే తడిసిందట.

తల్లిని నా ఎదురుగా పాలు పట్టమన్నాను. బట్టలు తీసేసి, పొట్ట మీద పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి చూస్తూ కూర్చున్నాను. బిడ్డ ఆబగా తాగాడు. కొన్ని నిమిషాలకు ఎడమ పక్కటెముకల కింద చర్మం ఉబ్బింది, నిమ్మకాయంత గుండ్రంగా. ఆ ఉబ్బు నెమ్మదిగా బొడ్డు పై నుంచి కుడి వైపుకు దొర్లుకుంటూ పోయి మాయమైంది. మళ్ళీ ఎడమ వైపు ఇంకొకటి లేచింది. అమ్మమ్మ కూడా చూసింది, "లోపల ఏదో పాకుతోందమ్మా" అంది. మూడో అల తరవాత పాలు నోటి నుంచి, ముక్కు నుంచి ఒక్కసారిగా చిమ్మి, రెండడుగుల దూరంలో ఉన్న నా బల్ల అంచు మీద పడ్డాయి. తెల్లటి, విరిగిన పాలు. ఇక్కడ అసలైన గుర్తు ఏమిటంటే, అంత వాంతి అయిన మరుక్షణమే బిడ్డ పిడికిలి నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ మళ్ళీ పాల కోసం ఏడ్చాడు. జబ్బు చేసి వాంతి చేసుకున్న బిడ్డకు పాలు సహించవు. ఈ బిడ్డకు ఆకలి అలాగే ఉంది, ఎందుకంటే లోపలికి ఏమీ దిగడం లేదు.

దీని పేరు పైలోరిక్ స్టెనోసిస్. ఇందాక పొట్ట పై మూతి గురించి చెప్పాను. కింద ఇంకో మూతి ఉంటుంది, పాలు పేగులోకి దిగే చోట. దాన్ని పైలోరస్ అంటాం. కొందరు పిల్లల్లో పుట్టాక రెండు మూడు వారాలకు ఆ మూతి చుట్టూ ఉన్న కండరం మందమవుతూ పోతుంది. దారి సన్నబడుతుంది. పొట్ట తన బలమంతా పెట్టి తోస్తుంది, ఆ తోపుడే మేం చూసిన అలలు. కింద దారి లేక పాలు పైకి చిమ్ముతాయి. ఇది పుట్టిన రోజు నుంచి ఉండదు. మామూలుగా మూడు నుంచి ఆరు వారాల మధ్య బయటపడుతుంది. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో దాదాపు నాలుగింతలు ఎక్కువ, అందులోనూ తొలిచూలు పిల్లల్లో. కారణం పూర్తిగా తేలలేదు. కుటుంబంలో ఉంటే అవకాశం ఎక్కువ. పుట్టిన మొదటి రెండు వారాల్లో ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వాడితే ముప్పు పెరుగుతుందని తెలుసు. తల్లి తిన్నదాని వల్ల, పాలు పట్టిన తీరు వల్ల మాత్రం ఇది రాదు. ఆ తల్లి ముందు నన్ను అడిగింది అదే, "నేనేమైనా తినకూడనిది తిన్నానా మేడం?" అని.

పాలు కక్కేసి పొట్ట ఖాళీ అయినప్పుడు చేత్తో తడిమితే, బొడ్డుకు కాస్త పైన కుడి పక్కన రేగిపండంత గట్టి గడ్డ వేలికి తగిలింది. అందరిలో ఇది దొరకదు. స్కాన్ చేయించాం. అక్కడ కండరం మందం 3 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, ఆ బిడ్డకు 5 ఉంది.

స్కాన్‌లో తేలింది కదా, వెంటనే ఆపరేషన్ చేయరేమిటని తాతగారు గొడవపడ్డారు. ఆయన కంగారు నాకు అర్థమైంది. కానీ ఆగడానికి కారణం ఉంది. రోజుల తరబడి వాంతులైతే నీళ్ళతో పాటు పొట్టలోని ఆమ్లం కూడా పోతుంది. రక్తంలో క్లోరైడు, పొటాషియం తగ్గుతాయి, రక్తం క్షారం వైపు తిరుగుతుంది. అలాంటి రక్తంతో బిడ్డకు మత్తు ఇస్తే ఆపరేషన్ అయ్యాక ఊపిరి సరిగా తీసుకోకపోవచ్చు. అందుకని ముందు సెలైన్ ఎక్కించి, పరీక్షలు మళ్ళీ మళ్ళీ చేసి, రక్తం దారికి వచ్చాకే థియేటర్‌కి తీసుకెళ్తారు. ఈ జబ్బులో కండరాన్ని సరిచేయడం గంటల్లో జరగాల్సిన పని కాదు, నీటిని సరిచేయడమే గంటల్లో జరగాలి. ఆ బిడ్డకు ఒకటిన్నర రోజు పట్టింది.

ఆపరేషన్ మాత్రం చిన్నది. మందమైన కండరాన్ని నిలువుగా కోసి, లోపలి పొర తెగకుండా రెండు వైపులకూ విడదీస్తారు. దారి తెరుచుకుంటుంది. కుట్టాల్సిన పని కూడా ఉండదు ఆ కండరానికి. 1912లో రామ్‌స్టెట్ అనే జర్మన్ సర్జన్ ప్రకటించిన పద్ధతి ఇది, వందేళ్ళు దాటినా ఇవాళ్టికీ అదే చేస్తున్నాం. కొన్ని గంటలకే పాలు పట్టడం మొదలుపెట్టారు. మర్నాడు రెండుసార్లు వాంతి అయితే ఇంటిల్లిపాదీ మళ్ళీ బెదిరిపోయారు. మొదటి ఒకటి రెండు రోజులు అలా అవుతుంది, పొట్ట వాపు తగ్గాలి కదా. మూడో రోజు ఇంటికి వెళ్ళారు. డబ్బాలు పక్కన పెట్టి తల్లిపాలకే తిరిగి వచ్చారు. వారం తరవాత బరువు 3.8.

ఈ వాంతి తెల్లగా ఉందని చెప్పాను కదా, దాని వెనక ఒక సంగతి ఉంది. పైత్యరసం పేగులో కలిసేది పైలోరస్ దాటాక. పైలోరస్ దగ్గరే దారి మూసుకుంటే పైత్యరసం పొట్టలోకి రాలేదు. అందుకే వాంతి పాలరంగులోనే ఉంటుంది. వాంతి ఆకుపసరు రంగులో ఉందంటే అడ్డు ఇంకా కింద, పేగులో ఉండొచ్చని అర్థం. పుట్టిన పిల్లల్లో పేగు సరిగా కుదురుకోకపోతే అది మెలిపడుతుంది. మెలిపడ్డ పేగుకు రక్తం ఆగిపోతుంది. అక్కడ మనకు రోజులు ఉండవు, గంటలే. పసిబిడ్డ పచ్చగా ఒక్కసారి వాంతి చేసుకున్నా, తరవాత హుషారుగా ఉన్నా సరే, అది రాత్రి రెండు గంటలైనా సరే, పిల్లల ఆపరేషన్లు చేసే ఆసుపత్రికి బయల్దేరండి. ఆ గుడ్డ ఉతక్కుండా వెంట తీసుకెళ్ళండి. "పచ్చగా" అంటే కొందరికి పసుపు, కొందరికి ఆకుపచ్చ. గుడ్డ చూపిస్తే ఆ తికమక ఉండదు.

రక్తం కనిపించినా, పొట్ట ఉబ్బి గట్టిపడినా, జ్వరం ఉన్నా, బిడ్డ మగతగా పడి ఉన్నా, మాడు ఉబ్బినా అలాగే వెంటనే చూపించాలి. ఆరు నెలలు దాటాక కొత్తగా మొదలైన వాంతులను కూడా మామూలు కక్కడం అనుకోవద్దు.

ఆశా అమ్మలకు ఒక మాట. మీరు ఇళ్ళకు వెళ్ళే రోజుల్లో 21, 28, 42 రోజులు ఉన్నాయి కదా, ఈ జబ్బు బయటపడేది సరిగ్గా ఆ వారాల్లోనే. కక్కుతున్నాడని తల్లి చెబితే రెండు విషయాలు చూడండి. తూకం వేసి, కార్డులో పోయినసారి రాసిన అంకెతో పోల్చండి. రోజుకు ఎన్నిసార్లు తడుపుతున్నాడో అడగండి, ఆరుసార్లు ఉంటే పాలు దక్కుతున్నట్టే. బరువు నిలిచిపోయినా, తగ్గినా, చిమ్ముతున్నాడని చెప్పినా నాలాగా "ఏం లేదు" అని వచ్చేయకండి. ఇప్పుడు నేను బాగున్న బిడ్డను ఇంటికి పంపేటప్పుడు కూడా కార్డు వెనక రాసి ఇస్తున్నాను: చిమ్మితే, పచ్చగా వస్తే, డైపర్లు తగ్గితే రండి అని.

ఇక మామూలుగా కక్కే బిడ్డకు ఇంట్లో ఏం చేయాలి? మందు అక్కర్లేదు. తాగిన తరవాత 20, 30 నిమిషాలు నిటారుగా ఎత్తుకోండి. ఎందుకో ఇప్పుడు మీకే తెలుసు, గాలి పైకి, పాలు కిందకి చేరడానికి. పాలసీసాతో పట్టేవాళ్ళు "ఇంకొంచెం మిగిలాయి" అని చివరి చుక్క వరకు పట్టకండి. బిడ్డ మొహం తిప్పుకుంటే ఆపేయండి. తాగిన వెంటనే డైపరు మార్చడానికి కాళ్ళు పొట్ట మీదకు మడిస్తే లోపల ఒత్తిడి పెరిగి పాలు పైకి వస్తాయి, ఆ పని ముందే చేసుకోండి. తాగగానే ఊయలలో వంగి ముడుచుకుని పడుకోబెట్టినా అంతే.

వెనక నుంచి ఒక పెద్దమ్మ చెయ్యెత్తారు. అడగండమ్మా.

("బోర్లా పడుకోబెడితే మావాడు కక్కడమ్మా. వెల్లకిలా వేస్తే కక్కుతాడు, పాలు గొంతుకు అడ్డం పడతాయేమోనని నాకు రాత్రంతా నిద్ర పట్టదు. బోర్లా వేయమంటావా?")

మీరు గమనించింది నిజమే పెద్దమ్మా. వలయం పొట్టకు వెనక వైపు ఉంటుంది కాబట్టి, బోర్లా వేస్తే అక్కడికి గాలి చేరి పాలు తక్కువ వస్తాయి. అయినా బోర్లా వేయొద్దు. బోర్లా పడుకున్న పసిపిల్లలు నిద్రలోనే ఊపిరి ఆగి చనిపోయే ప్రమాదం ఎక్కువ. ఇది చాలా దేశాల్లో చూసి తేల్చిన విషయం. ఇక గొంతుకు అడ్డం పడటం గురించి. మీ మెడ మీద చెయ్యి వేసుకోండి. ముందు గట్టిగా తగిలేది గాలిగొట్టం, దాని వెనక అన్నవాహిక. బిడ్డ వెల్లకిలా ఉంటే గాలిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. పైకి వచ్చిన పాలు గాలిగొట్టంలోకి పోవాలంటే ఎదురెక్కాలి. బోర్లా ఉంటే అది తలకిందులవుతుంది. వెల్లకిలా ఉన్న బిడ్డ పాలు వస్తే తల పక్కకు తిప్పుకుంటుంది, మింగుతుంది, దగ్గుతుంది. మీరు చూస్తే తల పక్కకు వాల్చి తుడవండి, చాలు. తల కింద దిండు పెట్టకండి, మెడ వంగి పొట్ట నొక్కుకుంటుంది. మీ మనవడిని ఇటు తీసుకురండి, ఎలాగూ తూకం ఇక్కడే ఉంది, ఒకసారి బరువు చూద్దాం.